పట్టు ఎవరిది, నష్టం ఎవరికి: ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ కేసులో పవర్-ఇంటరెస్ట్ గ్రిడ్ గీసే తీరు

సంక్షిప్తంగా: ఆస్పత్రిలో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టేటప్పుడు ఎవరితో ముందు మాట్లాడాలి, ఎవరికి ఎంత సమయం ఇవ్వాలి అనేది తేల్చుకోవడానికి పవర్-ఇంటరెస్ట్ గ్రిడ్ వాడతారు. గీయడం పది నిమిషాల పని. కానీ హోదా చూసి పట్టును, ఉత్సాహం చూసి ఆసక్తిని లెక్కగడితే బొమ్మ తప్పుతుంది. ఎవరు కాదంటే ఏ పని ఎంతసేపట్లో ఆగుతుంది, ఎవరి రోజు ఎన్ని నిమిషాలు మారుతుంది అనే రెండు లెక్కల మీద గ్రిడ్ నిలబడాలి. తిరుపతిలోని ఒక ఊహాజనిత ఆస్పత్రిని తీసుకుని ఆ లెక్కలు ఎలా కట్టాలో ఈ వ్యాసం చూపిస్తుంది.

## గందరగోళం మాటలోనే ఉంది

ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా మొదలైంది. పద్నాలుగు అంకెల ఆరోగ్య ఖాతా సంఖ్య అయిన ఆభా నంబరు దాంట్లో భాగం. ఓపీ కౌంటర్ దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి టోకెన్ తీసుకోవడం ఆ తర్వాత వచ్చింది. పాత బిల్లింగ్ ప్యాకేజీతో నెట్టుకొస్తున్న మధ్యతరహా ఆస్పత్రులు రిజిస్ట్రేషన్ నుంచి డిశ్చార్జి దాకా అన్నీ ఒకేచోట ఉండే సాఫ్ట్‌వేర్ వైపు చూడడానికి ఇదొక కారణం. దాంతోపాటే ఎంబీఏ, హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ విద్యార్థులకు ఇదొక మంచి కేస్ స్టడీ అయింది. కేస్ స్టడీ అనగానే స్టేక్‌హోల్డర్ గ్రిడ్ ఒకటి గీయాలి. అంటే ఆ మార్పుతో సంబంధం ఉన్నవారి పవర్‌ను నిలువు అక్షం మీద, ఇంటరెస్ట్‌ను అడ్డం అక్షం మీద కొలిచి, ఒక్కొక్కరిని నాలుగు గదుల్లో ఒకదాంట్లో చుక్కగా పెట్టాలి.

ఇలాంటి గ్రిడ్లలో తరచూ కనిపించే బొమ్మ ఒకటుంది. పైన కుడి గదిలో మేనేజింగ్ డైరెక్టర్, మెడికల్ సూపరింటెండెంట్, డాక్టర్లు, ఐటీ విభాగం. కింద కుడి గదిలో నర్సులు, రోగులు. ఎడమ పక్క ప్రభుత్వం, బీమా కంపెనీలు. ఈ బొమ్మను తిరుపతి ఆస్పత్రికీ అతికించవచ్చు, విశాఖలో సిమెంటు ఫ్యాక్టరీకీ అతికించవచ్చు, పేర్లు మారిస్తే చాలు. అంటే అది ఏ ఆస్పత్రినీ పరిశీలించి గీసింది కాదన్నమాట.

తప్పు చాలావరకు అనువాదంలోనే మొదలవుతుంది. పవర్ అంటే ‘అధికారం’ అని రాసుకుంటారు. వెంటనే కళ్ల ముందు హోదాలు వరస కడతాయి. ఇంటరెస్ట్ అంటే ‘ఆసక్తి’ అని రాసుకుని, సిబ్బంది దగ్గరికి వెళ్లి “ఈ సాఫ్ట్‌వేర్ మీద మీకు ఆసక్తి ఉందా?” అని అడుగుతారు. ఎవరు లేదంటారు? ఇక్కడ ఇంటరెస్ట్ అంటే మనసులోని ఇష్టం కాదు, ఆ మార్పు వల్ల వచ్చే లాభనష్టం. సాఫ్ట్‌వేర్ ఊసే పట్టని మనిషికి కూడా రోజుకు గంటన్నర పని పెరుగుతుంటే, గ్రిడ్ భాషలో ఆయన ఇంటరెస్ట్ చాలా ఎక్కువే. అందుకని ఇక్కడి నుంచి పవర్‌ను ‘పట్టు’ అని, ఇంటరెస్ట్‌ను ‘ప్రమేయం’ అని రాస్తున్నాం.

గ్రిడ్ పుట్టుక గురించి ఒక్క ముక్క. ఆబ్రీ మెండెలో 1981లో ప్రతిపాదించిన మొదటి రూపంలో ఒక అక్షం పవర్ అయితే, రెండోది ఇంటరెస్ట్ కాదు, చలనశీలత. అంటే ఒకరి స్థితి ఎంత త్వరగా మారుతుందనేది. ఇంటరెస్ట్ అక్షం తర్వాత వచ్చి స్థిరపడింది. ఈ చిన్న చరిత్ర ఎందుకంటే, నేటి గ్రిడ్‌లో లేకుండా పోయిన ఆ చలనమే ఆస్పత్రి కేసులో పెద్ద లోటుగా తేలుతుంది. ఆ సంగతి కాసేపట్లో వస్తుంది.

## ఊహాజనిత కేసు

తిరుపతిలో 150 పడకల ప్రైవేటు ఆస్పత్రి. రోజుకు సుమారు 350 మంది ఓపీ రోగులు. కన్సల్టెంట్లు ఇరవై మంది, వారిలో పన్నెండు మంది జీతగాళ్లు కారు. రోజూ రెండు మూడు గంటలు వచ్చి చూసి, ఫీజులో వాటా తీసుకుని వెళ్లేవారు. ఓపీ కౌంటర్లు నాలుగు. మందుల షాపు ఆస్పత్రి ఆవరణలోనే ఉన్నా లీజుకు ఇచ్చింది. డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కేసులు కూడా చేస్తారు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో రిజిస్ట్రేషన్, బిల్లింగ్, డాక్టరు ప్రిస్క్రిప్షన్, ల్యాబ్, మందుల స్టాకు, డిశ్చార్జి సమ్మరీ అన్నీ కలిసి ఉంటాయి. లెక్క అర్థం కావడానికే ఈ ఆస్పత్రినీ, దిగువ అంకెల్నీ అనుకున్నాం.

## పేర్లు పోగుచేయడానికి చీటీ వెంట నడవాలి

స్టేక్‌హోల్డర్ల జాబితాను ఆస్పత్రి ఆర్గనైజేషన్ చార్టు ముందు పెట్టుకుని రాస్తే సగం మంది తప్పిపోతారు. అంతకన్నా నమ్మకమైన పద్ధతి ఓపీ చీటీ వెంట నడవడం. చంద్రగిరి నుంచి జ్వరంతో వచ్చిన ఒక మనిషిని అనుకుందాం. కౌంటర్లో చీటీ రాస్తారు. నర్సు బరువు, బీపీ చూసి అదే చీటీ మీద వేస్తుంది. డాక్టరు గది బయట కూర్చున్న అసిస్టెంటు చీటీల వరస పెడతాడు, ఒకరిద్దరిని ముందుకు జరుపుతాడు కూడా. డాక్టరు పరీక్షలు రాస్తే చీటీ ల్యాబ్‌కు వెళ్తుంది, రిపోర్టుతో తిరిగి వస్తుంది, మందులు రాశాక ఫార్మసీకి పోతుంది. అక్కడ దాని మీద ఒక టిక్కు పడుతుంది.

చీటీ చేయి మారిన ప్రతిచోటా ఒక పేరు రాసుకోవాలి. ఇన్‌పేషెంటు కేసు షీటు వెంట కూడా ఇలాగే నడవాలి, అదీ ఒకసారి పగలు, ఒకసారి రాత్రి పదకొండు తర్వాత. రాత్రి క్యాజువాలిటీలో బిల్లు వేసేది పగటి క్యాషియర్ కాకపోవచ్చు. ఇలా నడిస్తే ఇరవై ఐదు, ముప్పై పాత్రలు తేలతాయి. ఒకే పని చేస్తూ ఒకే లాభనష్టం ఉన్నవారిని కలిపేస్తే పది పన్నెండుకు దిగుతాయి. లాభనష్టం వేరైతే మాత్రం హోదా ఒకటే అయినా కలపకూడదు. ‘డాక్టర్లు’ అని ఒకే చుక్క పెట్టిన గ్రిడ్ ఆ చుక్క దగ్గరే పనికిరాకుండా పోతుంది.

డాక్టరు గది బయటి అసిస్టెంటును మరోసారి తలుచుకోవాలి. ఆర్గనైజేషన్ చార్టులో ఆయన ఉండడు. చాలాచోట్ల డాక్టరే సొంతంగా పెట్టుకున్న మనిషి. కానీ ప్రిస్క్రిప్షన్ కంప్యూటర్లో ఎక్కాలంటే చివరికి కీబోర్డు మీద పడేది ఆయన వేళ్లే.

## పట్టు: రేపు పొద్దున కాదంటే?

పట్టును కొలవడానికి ఒక్కో పాత్ర గురించి మూడు ప్రశ్నలు చాలు. రేపు పొద్దున ఈ మనిషి “నేను దీంట్లో చేయను” అంటే ఏది ఆగుతుంది, ఎంతసేపట్లో ఆగుతుంది? ఆయన బదులు మరొకరిని కూర్చోబెట్టగలమా? ఆయన అసంతృప్తి ఎవరి చెవిన పడుతుంది?

మార్కులు 1 నుంచి 4 దాకా వేయడం మేలు. అయిదు దాకా పెడితే తేల్చుకోలేనివన్నీ మూడు దగ్గర పోగుపడతాయి, గ్రిడ్ మధ్య గీత మీద చుక్కల గుంపు మిగులుతుంది. నాలుగే ఉంటే అటో ఇటో తేల్చక తప్పదు. ఇద్దరు విడివిడిగా వేసి పోల్చుకోవాలి. ఒకే పాత్రకు తేడా రెండు మార్కులు దాటితే సగటు తీయకూడదు. ఒకరికి తెలిసిన విషయం రెండోవారికి తెలియదని దానర్థం, అది బయటికి రావాలి.

సీనియర్ విజిటింగ్ ఫిజీషియన్‌ను తీసుకుందాం. ఆయన కాగితం మీదే రాస్తానంటే అదే గంటలో ప్రిస్క్రిప్షన్ మాడ్యూల్ ఆగిపోతుంది. బదులు మనిషి లేడు, రోగులు ఆయన పేరు చూసే వస్తారు. అసంతృప్తి నేరుగా మేనేజింగ్ డైరెక్టర్ చెవికే, ఆ రాత్రే ఫోన్లో చేరుతుంది. పట్టు 4. ఆస్పత్రి చార్టులో ఆయనకు ఏ అధికారమూ లేదు, ఉద్యోగే కాడు.

వార్డు ఇన్‌చార్జి నర్సు కాదంటే? ఒక పూటలో మందుల ఇండెంట్లు, ఒక రోజులో డిశ్చార్జిలు ఆగుతాయి. నర్సును బదలాయించవచ్చు, కానీ ఆ వార్డు తీరు తెలిసిన మనిషి రాత్రికి రాత్రి దొరకదు. పట్టు 3.

వైద్య సేవ కౌంటర్లో కూర్చునే వైద్య మిత్ర ఈ సాఫ్ట్‌వేర్ ముట్టుకోనే ముట్టుకోదు. ఆమె పని ట్రస్టు పోర్టల్‌తో. కానీ ఆస్పత్రి సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కాగితంలో పేరు ఒకలా, కార్డులో ఒకలా ఉంటే ప్రీ-ఆథరైజేషన్ అక్కడే నిలుస్తుంది. తిరుపతి ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. తెలుగు కుటుంబాల్లో ఇంటిపేరు ముందు, తమిళ కుటుంబాల్లో తండ్రి పేరు మొదటి అక్షరం ఇనీషియల్. పేరుకు రెండు గళ్లు మాత్రమే పెట్టిన సాఫ్ట్‌వేర్‌లో ఒకే మనిషి ఇద్దరుగా నమోదవుతాడు. వైద్య మిత్ర పట్టు 3, ప్రమేయం 1.

## ప్రమేయం: నిమిషాల్లో, రూపాయల్లో, బయటపడేవాటిలో

ప్రమేయాన్ని మూడు వైపుల నుంచి చూడాలి. రోజులో ఎన్ని నిమిషాలు కలుస్తాయి లేదా తగ్గుతాయి, చేతికి వచ్చే డబ్బు మారుతుందా, ఇంతదాకా కనబడనిది ఏమైనా కనబడుతుందా. మూడోదాన్ని సాధారణంగా ఎవరూ నోటితో చెప్పరు. వ్యతిరేకతకు అసలు కారణం తరచూ అక్కడే ఉంటుంది.

నిమిషాల లెక్క సులువు. ఫిజీషియన్ ఒక పూటలో 60 మందిని చూస్తారనుకుందాం. చేత్తో రాయడానికీ స్క్రీన్‌లో మందు వెతికి, మోతాదు ఎంచి, సేవ్ చేయడానికీ తేడా మనిషికి 90 సెకన్లు అనుకుంటే 60 మందికి 90 నిమిషాలు. మూడు గంటల ఓపీ నాలుగున్నర గంటలవుతుంది. ఆయన ఆ తర్వాత వెళ్లాల్సిన సొంత క్లినిక్ ఉంది. ఇది ‘మార్పుకు భయపడడం’ కాదు, కూడికలో తేలిన నష్టం. ప్రమేయం 4, మొగ్గు వ్యతిరేకం.

అదే లెక్క మేనేజింగ్ డైరెక్టర్‌కు కడితే ఫలితం వింతగా ఉంటుంది. సంతకం ఆయనది, డబ్బు ఆయనది, పట్టు 4. కానీ రోజువారీ పనిలో మారేది సాయంత్రం చూసే రిపోర్టు ఒక్కటే. ప్రమేయం 2. ఆయన పై గదిలోనే కానీ ఎడమ పక్కన పడతాడు. గ్రిడ్ దీన్ని చూపడం ఎంతో మంచిది, ఎందుకంటే ప్రాజెక్టు మీద ఆయన ధ్యాస మొదటి నెల తర్వాత ఉండదని అదే చెబుతోంది. “ఎండీ గారు వెనకున్నారు” అన్న ధైర్యంతో మొదలైన ప్రాజెక్టులు మూడో నెలలో ఎందుకు ఒంటరవుతాయో ఈ ఒక్క చుక్కలో ఉంది.

కొనుగోలు దశలో ఈ కేసు మార్కులు ఇలా ఉంటాయి:

| పాత్ర | పట్టు | ప్రమేయం | మొగ్గు |
|---|---|---|---|
| మేనేజింగ్ డైరెక్టర్ | 4 | 2 | అనుకూలం |
| సీనియర్ విజిటింగ్ ఫిజీషియన్ | 4 | 4 | వ్యతిరేకం |
| అకౌంట్స్ హెడ్ | 3 | 4 | అనుకూలం |
| లీజు ఫార్మసీ యజమాని | 3 | 4 | వ్యతిరేకం |
| వార్డు ఇన్‌చార్జి నర్సు | 3 | 4 | తేలలేదు |
| వైద్య మిత్ర | 3 | 1 | తటస్థం |
| డ్యూటీ డాక్టర్లు | 2 | 3 | తేలలేదు |
| ఓపీ కౌంటర్ సిబ్బంది | 1 | 4 | వ్యతిరేకం |
| రోగులు, వెంట వచ్చినవారు | 1 | 3 | తేలలేదు |

రెండున్నర దగ్గర గీత గీస్తే నలుగురు పై కుడి గదిలోకి వస్తారు. ఎక్కువ సమయం వీరికే. తొమ్మిదిమందిలో నలుగురంటే భరించదగ్గ సంఖ్య. ఎనిమిదిమంది వస్తే మార్కులు వేసినవారు ఎవరినీ నొప్పించదలచుకోలేదని అర్థం. చివరి నిలువు గడి, మొగ్గు, మామూలు గ్రిడ్‌లో ఉండదు. అది లేకపోతే అకౌంట్స్ హెడ్డూ ఫార్మసీ యజమానీ ఒకే చోట పక్కపక్కన కూర్చుంటారు. ఒకరు ప్రాజెక్టును లాగేవారు, ఇంకొకరు ఆపేవారు. చుక్కకు రంగు వేసైనా ఆ తేడా చూపాలి.

## ఫార్మసీ: బయటి మనిషిగా రాసి వదిలేసే చుక్క

లీజు ఫార్మసీని విద్యార్థులు ‘బయటి సరఫరాదారు’ అని రాసి కింది ఎడమ గదిలో పెట్టేస్తుంటారు. ఈ కేసులో అంతకు మించిన పొరపాటు లేదు.

ఫార్మసీకి సొంత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇప్పటికే ఉంది, దాంట్లోనే జీఎస్టీ లెక్కలు నడుస్తున్నాయి. కొత్త సాఫ్ట్‌వేర్‌లో డాక్టరు మందు ఎంచుకోవాలంటే ఫార్మసీలో ఏముందో స్క్రీన్‌కు తెలియాలి. అంటే స్టాకు జాబితా ఆస్పత్రికి కనబడాలి. కనబడితే ఏ బ్రాండు ఎంత కదులుతోంది, వార్డు నుంచి తిరిగొచ్చిన మందులకు రోగి బిల్లులో ఎంత తగ్గింది, లీజు వాటా ఏ అమ్మకం మీద కట్టాలి అన్నీ కనబడతాయి. దాచేది ఏమీ లేని యజమాని కూడా తన అమ్మకాల పుస్తకం ఇంకొకరి ముందు తెరిచి పెట్టడానికి తటపటాయిస్తాడు. వచ్చే ఏడాది లీజు మాట్లాడుకునేటప్పుడు అదే పుస్తకం తనకు ఎదురు తిరుగుతుందని ఆయనకు తెలుసు.

పట్టు ఎక్కడిదంటే, ఆయన స్టాకు ఫైలు ఇవ్వకపోతే ప్రిస్క్రిప్షన్ స్క్రీన్‌లో మందుల జాబితా పాతదై ఉంటుంది. డాక్టరు ఎంచుకున్న మందు షాపులో ఉండదు, రోగి మళ్లీ డాక్టరు గదికి వస్తాడు. ఇలా పూటకు పదిమంది వెనక్కొస్తే ఫిజీషియన్ కాగితానికి తిరిగి వెళ్లడానికి అంతకన్నా సాకు అక్కర్లేదు. అంటే ఫార్మసీ పట్టు చాలావరకు ఫిజీషియన్ ద్వారా పని చేస్తుంది. గ్రిడ్ రెండు చుక్కలను విడివిడిగా చూపుతుంది, వాటి మధ్య తాడును చూపదు. అందుకే ఇలాంటి చోట రెండు చుక్కల మధ్య ఒక గీత గీసి, పక్కన ఒక్క వాక్యం రాయడం మంచిది: ‘స్టాకు ఫైలు లేకపోతే ప్రిస్క్రిప్షన్ ఆగుతుంది’.

ఇక్కడ చేయదగ్గ పని కూడా గ్రిడ్ నుంచే వస్తుంది. యజమానిని శిక్షణకు పిలవడం వల్ల ఒరిగేదేమీ లేదు. ఆయన ప్రమేయంలో ఏ భాగం లీజు భయమో, ఏ భాగం రెండుసార్లు ఎక్కించే శ్రమో విడదీయాలి. శ్రమను రోజుకొకసారి స్టాకు ఫైలు దానంతట అదే వచ్చేలా ఏర్పాటు చేసి తగ్గించవచ్చు. భయాన్ని తగ్గించాలంటే మందు పేరు, ఉందా లేదా అన్నంత వరకే ఆస్పత్రికి కనబడి, కొన్న ధర కనబడకుండా ఒప్పందంలో రాసుకోవాలి. ఇది సాఫ్ట్‌వేర్ కొన్నాక కాదు, కొనకముందు తేలాల్సిన మాట.

## డాక్టర్లను తక్కువ లెక్కగడితే

విజిటింగ్ డాక్టర్ల పట్టు గురించి చెప్పుకోవడానికి ప్రపంచమంతా ఎరిగిన ఉదాహరణ లాస్ ఏంజెలెస్‌లోని సీడార్స్-సినాయ్ వైద్య కేంద్రం. వైద్యులు మందులు, పరీక్షలు కంప్యూటర్‌లోనే ఆర్డరు చేయాలని తెచ్చిన వ్యవస్థను 2003 జనవరిలో, మొదలుపెట్టిన కొద్ది నెలలకే, వైద్యుల నిరసనతో ఆ సంస్థ ఆపేయాల్సి వచ్చింది. ఖర్చు కోట్ల డాలర్లలో ఉంది. ఆర్డరు ఎక్కించడానికి పట్టే సమయం, తెర మీద పదేపదే వచ్చే హెచ్చరికలు ప్రధాన ఫిర్యాదులు. అక్కడి వైద్యుల్లో ఎక్కువమంది ఆస్పత్రి జీతగాళ్లు కారు, సొంత ప్రాక్టీసు ఉన్నవారు. ఉత్తర్వు ఇచ్చి చేయించగల మనుషులు కారన్నమాట.

తిరుపతి కేసుకు ఈ పోలిక ఒకచోట సరిగ్గా సరిపోతుంది, ఒకచోట సరిపోదు. జీతగాడు కాని డాక్టరు దగ్గర పట్టు ఉంటుందన్నది సరిపోయే భాగం. అక్కడ డాక్టర్లు బహిరంగంగా ఎదురు నిలిచారు. ఇక్కడ సాధారణంగా అలా జరగదు. సమావేశంలో “తప్పకుండా చేద్దాం” అనే అంటారు. తర్వాత కాగితం మీద రాసి, అసిస్టెంటుకు తన లాగిన్ ఇచ్చి, ఎక్కించమంటారు. ప్రాజెక్టు నడుస్తున్నట్టే కనబడుతుంది. మందుల పొరపాటు పట్టుకోవాల్సిన హెచ్చరిక డాక్టరు కళ్ల ముందు కాక, దాని అర్థం తెలియని అసిస్టెంటు ముందు మెరిసి పోతుంది. రికార్డులో మాత్రం డాక్టరు పేరుంటుంది. ఏదైనా తేడా వచ్చి విచారణ దాకా వెళ్తే ఆ లాగిన్‌కు బాధ్యుడు ఎవరన్నది చిక్కు ప్రశ్న.

కాబట్టి అసిస్టెంటుకు గ్రిడ్‌లో చుక్క, సాఫ్ట్‌వేర్‌లో సొంత లాగిన్ రెండూ కావాలి. ఆయన ముసాయిదా ఎక్కించాలి, డాక్టరు చూసి ఆమోదించాలి. ఫిజీషియన్‌కు పడే 90 సెకన్లు ఇలా 20, 25 సెకన్లకు దిగితే మూడు గంటల ఓపీకి కలిసేది 90 నిమిషాలు కాదు, 20 నుంచి 25 నిమిషాలు. ప్రమేయం 4 నుంచి 3కు వస్తుంది, మొగ్గు మారే అవకాశం కూడా అక్కడే మొదలవుతుంది.

## చుక్కలు కదులుతాయి

పై పట్టికలో ఓపీ కౌంటర్ సిబ్బంది పట్టు 1. కొనుగోలు దశలో అది నిజమే, వారిని ఎవరూ అడగరు. కొత్త సాఫ్ట్‌వేర్ మొదలైన వారంలో ఏం జరుగుతుందో చూద్దాం.

రోజూ వచ్చే 350 మందిలో 230 మంది ఉదయం 8.30 నుంచి 11 గంటల మధ్య వస్తారనుకుందాం. నాలుగు కౌంటర్లు, 150 నిమిషాలు, మొత్తం 600 కౌంటర్ నిమిషాలు. పాత పద్ధతిలో మనిషికి ఒక నిమిషం, 230 నిమిషాల పని. సగానికి పైగా ఊపిరి ఉంది. కొత్త పద్ధతిలో ఫోన్ నంబరు, చిరునామా, ఓటీపీ కలిపి రెండున్నర నిమిషాలైతే 575 నిమిషాల పని. 600లో 575. ఎవరైనా ఒకరు టీకి లేచినా వరస గేటు దాటుతుంది. మూడు నిమిషాలైతే 690, లెక్కే కుదరదు.

తిరుపతిలో ఓటీపీకి ఒక ప్రత్యేకమైన చిక్కుంది. కొండకు వెళ్లే భక్తులు దర్శనానికి ముందు ఫోన్లు డిపాజిట్ కౌంటర్లో ఇస్తారు. దర్శనం వరసలో నీరసించినవారిని కిందికి తెచ్చేసరికి వారి ఫోను ఇంకా కొండ మీదే ఉండవచ్చు, లేదా ఆధార్‌కు కలిపిన నంబరు ఊళ్లో ఉన్న కొడుకుది కావచ్చు. ఆ ఒక్క రోగి దగ్గర అయిదు నిమిషాలు పోతే వెనక వరసంతా కదలదు. ఓటీపీ లేకుండా నమోదు చేసి తర్వాత పూర్తిచేసే దారి సాఫ్ట్‌వేర్‌లో లేకపోతే కౌంటర్ అమ్మాయి తనే దారి వెతుకుతుంది: తన ఫోన్ నంబరే వేసేస్తుంది. నెల తిరిగేసరికి ఒకే నంబరు మీద నలభై మంది రోగులు ఉంటారు, వారి ల్యాబ్ మెసేజులన్నీ ఆమెకే వస్తాయి.

కాబట్టి ఆ వారంలో కౌంటర్ పట్టు 1 కాదు, 3. జీతం, హోదా ఏమీ మారలేదు, వరస పొడవు మాత్రమే మారింది. మెండెలో మొదట అనుకున్న చలనశీలత ఇదే. గ్రిడ్ మీద కౌంటర్ చుక్క నుంచి పైకి ఒక బాణం, మేనేజింగ్ డైరెక్టర్ చుక్క నుంచి ఎడమకు ఒక బాణం గీయాలి. ఒకే బొమ్మలో ఇరికించడం కన్నా మూడు బొమ్మలు గీయడం తేలిక: ఒప్పందానికి ముందు, కాగితం-కంప్యూటర్ రెండూ నడిచే పక్షం రోజులు, మూడు నెలల తర్వాత. రెండూ నడిచే రోజుల్లో నర్సుల ప్రమేయం గరిష్ఠంగా ఉంటుంది, ఎందుకంటే ఒకే బీపీని రెండుచోట్ల రాయాలి. దసరా, బ్రహ్మోత్సవాల రద్దీలో ఆ పక్షం రోజులు పెట్టుకున్న ఆస్పత్రి తన కష్టాన్ని తానే రెండింతలు చేసుకున్నట్టు.

## ప్రభుత్వ ఆస్పత్రికి ఇదే గ్రిడ్ పెట్టవచ్చా

బొమ్మ అదే, చుక్కలు వేరే చోట పడతాయి. ప్రభుత్వ ఆస్పత్రిలో డాక్టర్లు జీతగాళ్లు, కాబట్టి వెళ్లిపోతారన్న బెదిరింపు లేదు. కానీ బదిలీలు ఉన్నాయి. శిక్షణ పొందిన సూపరింటెండెంటు ఆరు నెలల్లో మారిపోతే పై గదిలోని చుక్క ఖాళీ అవుతుంది. సాఫ్ట్‌వేర్ ఎంపిక ఆస్పత్రిలో జరగదు. కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ వారి ఈ-హాస్పిటల్ వంటిది పైనుంచి వస్తుంది, మార్పులు కావాలంటే అడగాల్సిన మనిషి ఊళ్లోనే ఉండకపోవచ్చు. నిజమైన పట్టు ఔట్‌సోర్సింగ్ డేటా ఎంట్రీ ఆపరేటర్ల దగ్గరికి జారుతుంది. వారి జీతం రెండు నెలలు ఆలస్యమైతే రిజిస్ట్రేషన్ తెర ముందు ఎవరూ ఉండరు. ప్రైవేటు ఆస్పత్రి గ్రిడ్‌లో ఫిజీషియన్ నిలబడ్డ చోట ఇక్కడ వీరు, వారిని నియమించే ఏజెన్సీ నిలబడతారు.

## గ్రిడ్ తప్పని ఎలా తెలుస్తుంది

గ్రిడ్‌ను సమర్థించే ఆధారాలు ఇంటర్వ్యూల కన్నా సాఫ్ట్‌వేర్ లాగ్‌లో బాగా దొరుకుతాయి. ఉదాహరణకు ఫిజీషియన్ ఓపీ పదింటికి మొదలై ఒంటిగంటకు ముగుస్తుంది. ఆయన లాగిన్ మీద ప్రిస్క్రిప్షన్లు ఏ సమయంలో సేవ్ అయ్యాయో చూస్తే, పది నుంచి ఒంటిగంట మధ్య పరుచుకుని ఉండాలి. ఎక్కువ భాగం రెండు నుంచి మూడు గంటల మధ్య, నిమిషానికొకటి చొప్పున సేవ్ అయి ఉంటే ఓపీ అయ్యాక ఎవరో కూర్చుని కాగితాలు చూసి ఎక్కించారన్నమాట. గ్రిడ్‌లో ఆయనకు ‘అనుకూలం’ అని వేసి ఉంటే ఆ రోజే మార్చాలి. అలాగే డిశ్చార్జి బిల్లుల్లో చేత్తో దిద్దినవి ఏ వార్డు నుంచి ఎక్కువ వస్తున్నాయో, ఒకే ఫోన్ నంబరు ఎంతమంది రోగుల మీద ఉందో చూడాలి. ఈ మూడూ వారానికొకసారి తీసే చిన్న రిపోర్టులే.

ఇంకో తప్పు గీయడంలో కాదు, దాచుకోవడంలో జరుగుతుంది. పేర్లతో సహా ‘వ్యతిరేకం’ అని రాసిన షీటు ప్రాజెక్టు వాట్సాప్ గ్రూపులో పడితే, అప్పటిదాకా ఊగిసలాడుతున్న నర్సు నిజంగానే వ్యతిరేకి అవుతుంది. బయటికి ఇచ్చే కేస్ స్టడీలో పాత్రలే ఉండాలి, పేర్లు కాదు. మొగ్గు గడి ఉన్న కాపీ ఒకరిద్దరి దగ్గరే ఉండాలి. ఇరవై మంది కన్సల్టెంట్లున్న ఆస్పత్రిలో ‘సీనియర్ విజిటింగ్ ఫిజీషియన్’ అంటే ఎవరో కౌంటర్ దగ్గర అటెండరుకు కూడా తెలుసు, కాబట్టి విద్యార్థి రిపోర్టులో ఆ పాత్రను కూడా ‘జీతగాళ్లు కాని కన్సల్టెంట్లు’ అని కొంత వెడల్పు చేసి రాయడమే క్షేమం.